పాలు వేయించుకునే ఇంటి విలువ ఎంత?

హైదరాబాద్ శివారులో ఒక డెయిరీ ఉందనుకుందాం. గేదె పాలు సీసాల్లో పోసి, తెల్లారకముందే అపార్ట్‌మెంట్ల గుమ్మాల దగ్గర పెట్టించడం వారి వ్యాపారం. లీటరు 100 రూపాయలు. కొత్త ఇంటిని చేర్చుకోవడానికి మూడు రోజులు ఉచితంగా పాలు ఇస్తారు, కరపత్రాలు వేయిస్తారు, ఫోన్లో ప్రకటనలు ఇస్తారు, ఇల్లు చూపించిన కుర్రాడికి కమిషన్ ఇస్తారు. అన్నీ కలిపి ఒక్కో కొత్త ఇంటికి 1,200 రూపాయలు పడుతున్నాయి. మొదటి నెల ఆ ఇంటి మీద వారికి మిగిలేది 360 రూపాయలే. ఆ లెక్కన 840 రూపాయల నష్టం. అయినా ఈ ఖర్చు పెట్టడం సబబేనా? సబబైతే ఎంతవరకు పెట్టవచ్చు?

దీనికి జవాబు చెప్పే లెక్క పేరు కస్టమర్ లైఫ్‌టైమ్ వాల్యూ. ఒక ఖాతాదారు మన దగ్గర ఉన్నంతకాలం మనకు మిగిల్చే డబ్బును ఈనాటి విలువలోకి మార్చి చెప్పే అంకె అది. అమెరికాలో కేటలాగులు పోస్టులో పంపి సరుకు అమ్మే కంపెనీలకు ఈ ఆలోచన తొలినాళ్లలోనే అక్కరకొచ్చింది. ఎవరికి కేటలాగు పంపాలన్నా అచ్చు ఖర్చు, తపాలా ఖర్చు ముందే పెట్టాలి కనుక, ఏ చిరునామా ఆ ఖర్చుకు తగినదో వారు తేల్చుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు ఫోన్ రీచార్జి కంపెనీ నుంచి సినిమాలు చూపించే యాప్ వరకు అందరూ ఈ లెక్కే వేస్తున్నారు. మనం మాత్రం పాల సీసాతోనే ఉందాం. నెలనెలా డబ్బు కట్టే వ్యాపారంలో ఈ సూత్రం తేటగా కనిపిస్తుంది, దాని లోపాలూ అక్కడే బయటపడతాయి.

లెక్కకు మూడు అంకెలు కావాలి. మొదటిది నెలకు మిగిలే డబ్బు. చాలామంది పొరబడేది ఇక్కడే. రోజుకు లీటరు చొప్పున నెలకు 3,000 రూపాయలు వస్తున్నాయి కదా అని ఆ అంకె వేస్తే లెక్క మొదట్లోనే చెడుతుంది. రైతుకు ఇచ్చే పాల ధర, సీసా కడగడం, చల్లబరచడం, బండి పెట్రోలు, పాలు వేసే కుర్రాడి కూలి, పగిలిన సీసాలు, విరిగిన పాలు పోను లీటరుకు 12 రూపాయలు మిగులుతున్నాయనుకుందాం. నెలకు 30 లీటర్ల మీద 360 రూపాయలు. దీన్ని m అందాం. ఆ ఇల్లు చేరడం వల్ల పెరిగే ఖర్చులన్నీ ఇందులోంచి తీసేయాలి. ఆ ఇల్లు ఉన్నా లేకున్నా కట్టాల్సిన షెడ్డు అద్దె, చిల్లింగ్ మిషను మీద అప్పు వాయిదా వంటివి ఇందులోకి రావు. ఇళ్లన్నీ కలిసి మిగిల్చిన మొత్తంలోంచి వాటిని విడిగా తీర్చుకోవాలి.

రెండోది నిలుపుదల రేటు. ఈ నెల డబ్బు కట్టిన 100 ఇళ్లలో వచ్చే నెలా కట్టేవి ఎన్ని? 90 అనుకుందాం. అంటే r = 0.90. మిగతా 10 ఇళ్లు ఇల్లు మారో, పిల్లలకు పాలు పడకో, పక్క కంపెనీ తక్కువకు ఇస్తోందనో మానేస్తాయి.

మూడోది వడ్డీ. రెండేళ్ల తర్వాత చేతికొచ్చే 360 రూపాయలు ఈరోజు 360తో సమానం కావు. మన ఊళ్లలో అలవాటైన మాటలో చెప్పాలంటే నూటికి రూపాయి వడ్డీ వేద్దాం. నెలకు 1 శాతం. d = 0.01.

ఇప్పుడు నెల తర్వాత నెల లెక్కపెట్టుకుంటూ పోవచ్చు. డెయిరీవారు నెల డబ్బు ముందుగానే తీసుకుంటారు కనుక మొదటి నెల 360 పూర్తిగా వస్తుంది. రెండో నెల ఆ ఇల్లు ఉండే అవకాశం 90 శాతమే. అందుకని 360ని 0.90తో గుణించి, నెల ఆలస్యానికి 1.01తో భాగిస్తే 321 రూపాయలు. మూడో నెలకు అదే పని మళ్లీ చేస్తే 286, నాలుగో నెలకు 255. ఈ నాలుగూ కలిపితే 1,220 దాటుతుంది. ఖర్చు పెట్టిన 1,200 నాలుగో నెలలో తిరిగొచ్చిందన్నమాట. ఆ తర్వాత వచ్చేదంతా లాభం కిందికే.

ఇలా తరిగిపోతూ వెళ్లే అంకెలను చివరంటా కూడితే ఒక చిన్న సూత్రం వస్తుంది:

CLV = m × (1 + d) / (1 + d − r)

మన అంకెలు పెడదాం. పైన 360 × 1.01, అంటే 363.60. కింద 1.01 − 0.90, అంటే 0.11. భాగిస్తే 3,305 రూపాయలు. కింది 0.11కు అర్థం తేలికే. ప్రతి నెలా నూటికి 10 వంతులు మానేసే ఇళ్లు పట్టుకుపోతాయి, సుమారు 1 వంతు వడ్డీ తినేస్తుంది. వడ్డీని పక్కన పెడితే సూత్రం ఇంకా చిన్నదవుతుంది: నెల మిగులును మానేసే రేటుతో భాగించడమే. 360ని 0.10తో భాగిస్తే 3,600. నోటి లెక్కకు ఇది చాలు.

చేర్చుకునే ఖర్చు 1,200 తీసేస్తే ఒక్కో ఇంటి మీద 2,105 రూపాయలు. కాబట్టి మొదటి నెల నష్టం చూసి బెదరనక్కర్లేదు. ఏడాది తిరిగేసరికి ఈ 3,305లో 2,477 వచ్చేస్తాయి. ఆ తర్వాత కాలమంతటికీ మిగిలేది 828 మాత్రమే.

మూడు అంకెల్లో దేనికి ఎక్కువ పట్టు ఉందో కూడా చూడాలి. వడ్డీని రెండు రూపాయలకు పెంచినా విలువ 3,305 నుంచి 3,060కే దిగుతుంది. మిగులు పది శాతం పెరిగితే విలువా పది శాతమే పెరుగుతుంది. నిలుపుదల 90 నుంచి 95కు పెరిగితే మాత్రం విలువ 6,060 అవుతుంది. 85కు తగ్గితే 2,273కు పడిపోతుంది. వడ్డీ ఎంత వేయాలా అని గంటలు చర్చించే కంపెనీలు నిలుపుదల రేటును ఒక్క నెల చూసి రాసేసుకోవడం నాకు సరిగా తోచదు. లెక్కంతా నిలబడేది దాని మీదే.

ఈ సూత్రంలోని అసలు బలహీనత కూడా అక్కడే ఉంది. ప్రతి నెలా, ప్రతి ఇంటికీ, మానేసే అవకాశం ఒక్కటేనని అది అనుకుంటుంది. కానీ ఇళ్లు అలా ఉండవు. చేరిన 100 ఇళ్లలో 50 నిలకడైనవి. చంటిపిల్లలో పెద్దవాళ్లో ఉన్నవి, ఇంట్లోనే పెరుగు తోడేసుకునేవి, కుదిరిన పాలు ఓ పట్టాన మార్చనివి. వాటిలో నెలకు 98 శాతం నిలుస్తాయనుకుందాం. మిగతా 50 ఉచిత పాల కోసమో, చూద్దామనో చేరినవి. వాటిలో నెలకు 82 శాతమే నిలుస్తాయి. మొదటి నెల తర్వాత నిలకడైనవి 49, నిలకడ లేనివి 41 మిగులుతాయి. మొత్తం 90. అంటే డెయిరీ యజమాని పుస్తకంలో కనిపించేది మనం ఇందాక వేసుకున్న ఆ 90 శాతమే.

ఇప్పుడు రెండు గుంపులకూ వేర్వేరుగా సూత్రం వేద్దాం. నిలకడైన ఇంటికి 363.60ని 0.03తో భాగించాలి, 12,120 రూపాయలు. నిలకడ లేని ఇంటికి 0.19తో భాగించాలి, 1,914. రెంటి సగటు 7,017. ఒకే అంకెగా లెక్కేసినప్పుడు వచ్చిన 3,305 ఇందులో సగం కూడా కాదు. పైగా 3,305 రూపాయల విలువున్న ఇల్లు ఈ వందలో ఒక్కటీ లేదు.

తేడా ఎక్కడి నుంచి వచ్చింది? నిలకడ లేని ఇళ్లు ముందే వెళ్లిపోతాయి. నెలలు గడిచేకొద్దీ మిగిలినవాటిలో నిలకడైనవాటి పాలు పెరుగుతుంది. పన్నెండు నెలలు దాటేసరికి 90 శాతం లెక్క ప్రకారం 28 ఇళ్లే మిగలాలి. నిజానికి 44 మిగులుతాయి. ఆ 44లో 39 నిలకడైనవి. ఆ తర్వాతి నెల నిలుపుదల చూస్తే 96 శాతం ఉంటుంది. ఏ ఇల్లూ మనసు మార్చుకోలేదు. గుంపులోని కలయిక మారింది, అంతే.

ఈ సంగతిని లెక్కకట్టి చూపినవారిలో పీటర్ ఫేడర్, బ్రూస్ హార్డీ ముఖ్యులు. చందాదారుల నిలుపుదలను ఎలా అంచనా కట్టాలో వివరిస్తూ 2007లో వారు రాసిన పరిశోధన వ్యాసం ఈ రంగంలో బాగా పేరున్నది. ఒకేసారి చేరిన గుంపులో నిలుపుదల రేటు కాలంతో పాటు పెరగడానికి, ఒక్కో మనిషి నమ్మకం పెరగడమే కారణం కానక్కర్లేదనీ, మొదటి నుంచీ మనుషుల్లో ఉన్న తేడాలే ఆ పెరుగుదలను చూపించగలవనీ వారి నమూనా చెబుతుంది.

పాల డెయిరీలో ఇది ఎలా దెబ్బతీస్తుందో చూడండి. ఏడాది కిందట నిలుపుదల 90 ఉండేది, ఇప్పుడు 96 అయింది, మధ్యలో ఫిర్యాదులు వినడానికి ఇద్దరు ఉద్యోగులను పెట్టారు. ఆ పెరుగుదల వారి చలవేనని యజమాని నమ్మి మరో నలుగురిని తీసుకుంటాడు. ఆ నమ్మకం నిజమో కాదో తేల్చుకోవడానికి ఒక దారి ఉంది. ఈ ఉగాదికి చేరిన ఇళ్ల మొదటి నెల నిలుపుదలను, పోయిన ఉగాదికి చేరిన ఇళ్ల మొదటి నెల నిలుపుదలతో పోల్చాలి. అప్పుడు 90, ఇప్పుడూ 90 అయితే సేవలో మార్పు వల్ల ఒరిగిందేమీ లేదు. కొత్త గుంపు మొదటి నెలే 93 చూపిస్తే, చేరిన ఇళ్ల తీరు కూడా మునుపటిలాంటిదే అయితే, ఆ ఉద్యోగులకు దక్కాల్సిన పేరు దక్కినట్టే. పాత ఇళ్లు, కొత్త ఇళ్లు కలిపేసి తీసిన సగటులో ఈ తేడా కనబడదు.

ఈ చిక్కు ప్రకటనల ఖర్చు దగ్గర మరింత ముదురుతుంది. మన 100 ఇళ్లను చేర్చడానికి మొత్తం 1,20,000 రూపాయలు పెట్టారు. ఇంటికి 1,200 అన్నది సగటు. ఆ డబ్బు రెండు విడతలుగా వెళ్లిందనుకుందాం. మొదటి 60,000తో 70 ఇళ్లు వచ్చాయి. ఇరుగుపొరుగు చెప్పుకున్న మాటకు ఓ కరపత్రం తోడైతే చేరిపోయే ఇళ్లు అవి. నిలకడైన 50 ఇళ్లూ ఇందులోనే ఉన్నాయి, నిలకడ లేనివి 20. ఒక్కో ఇంటికి పడింది 857 రూపాయలు. రెండో 60,000తో వచ్చినవి 30 ఇళ్లే. ఉచిత కూపను చూసి వచ్చిన ఆ 30లో నిలకడైనది ఒక్కటీ లేదు. ఒక్కోదానికి పడిన ఖర్చు 2,000.

సగటు విలువ 7,017, సగటు ఖర్చు 1,200 అని చూసే యజమాని తన ప్రకటనలు అద్భుతంగా పనిచేస్తున్నాయని, ఇంకా పెంచాలని అనుకుంటాడు. విడివిడిగా చూస్తే రెండో విడతలో 60,000 పోసి అతను కొన్నది 30 ఇళ్లను, ఒక్కోటి 1,914 విలువైనవాటిని. మొత్తం 57,420. అంటే 2,580 రూపాయల నష్టం. మూడో విడత 60,000తో ఇంకా తక్కువ ఇళ్లు వస్తే ఆ నష్టం పెరుగుతుంది, మొదటి విడత లాభం దాన్ని కప్పేస్తూనే ఉంటుంది. వ్యాపారం పెరుగుతోందని బయటికి కనిపిస్తూ లోపల డబ్బు కారిపోవడానికి ఇదొక మామూలు దారి. విలువను ఖర్చుతో పోల్చి మూడింతలుంటే మంచిదనే ఒక మోటు కొలత పెట్టుబడిదారుల మధ్య బాగా చలామణిలో ఉంది. ఇక్కడ సగటు మీద దాదాపు ఆరింతలు ఉంది. అయినా చివర పెట్టిన రూపాయి తిరిగి రాలేదు.

నిలకడైన ఇల్లేదో, కానిదేదో చేరినరోజు నుదుట రాసి ఉండదు కదా అని అడగవచ్చు. నిజమే. కానీ ఏ దారిలో వచ్చిందో రాసుకోవచ్చు. పక్కింటివారు చెబితే వచ్చిందా, గేటు దగ్గర బల్ల వేసి కూర్చుంటే వచ్చిందా, ఫోన్లో కూపను చూసి వచ్చిందా. ఒక్కో దారికి వేరే కోడ్ ఇస్తే మూడు నాలుగు నెలల్లోనే ఏ దారిలో వచ్చిన ఇళ్లు త్వరగా జారిపోతున్నాయో తెలుస్తుంది. అప్పుడు ఒక్క అంకె బదులు దారికొక అంకె ఉంటుంది, ఎక్కడ ఖర్చు ఆపాలో అది చెబుతుంది.

మిగులు సంగతీ అంతే. లీటరుకు 12 అన్నది సగటు. ఒకే అపార్ట్‌మెంట్‌లో 20 ఇళ్లు పాలు వేయించుకుంటుంటే కుర్రాడు లిఫ్టులో పైకెళ్లి దిగేలోపు పని అయిపోతుంది. రెండు కిలోమీటర్ల అవతల ఒక్క ఇంటి కోసం బండి తిప్పాలంటే ఆ 12లో సగం పెట్రోలుకూ సమయానికీ పోవచ్చు. అందుకే ఒక ఇంటి విలువ దాని చుట్టూ ఎన్ని ఇళ్లు ఉన్నాయన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. ఒక్కో ఖాతాదారును విడిగా తూచే ఈ సూత్రంలో ఇరుగుపొరుగుకు చోటు లేదు. కాలానికీ చోటు లేదు. ఎండాకాలంలో గేదెలు పాలు తగ్గిస్తాయి, రైతు దగ్గర ధర పెరుగుతుంది, చల్లబరిచే ఖర్చూ పెరుగుతుంది. ఖాతాదారుకు ధర పెంచకపోతే మిగులు 12 నుంచి 9కి దిగవచ్చు. అదే కొనసాగితే ప్రతి ఇంటి విలువలోనూ నాలుగోవంతు పోయినట్టే.

ఎవరు మానేశారో తెలియడం కూడా అనుకున్నంత తేలిక కాదు. సంక్రాంతికి హైదరాబాద్‌లో ఎన్నో ఇళ్లకు తాళాలు పడతాయి, జనం ఊళ్లకు వెళ్తారు. వేసవి సెలవుల్లోనూ అంతే. ఆ నెల పాలు ఆపమన్నవారిని మానేసినవారిగా రాసుకుంటే నిలుపుదల ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఎప్పటికీ తిరిగిరానివారిని ‘ఆపినవారు’గా ఉంచేస్తే ఎక్కువగా కనిపిస్తుంది. పాల డెయిరీకి కనీసం నెల డబ్బు అనే గుర్తు ఉంది. ఆన్‌లైన్‌లో పచ్చళ్లు అమ్మేవారికి అదీ లేదు. డాలస్‌లో ఉన్న కుటుంబం ఏడాదికి రెండుసార్లు ఆవకాయ తెప్పించుకునేది, ఎనిమిది నెలలుగా ఆర్డరు లేదు. వెళ్లిపోయిందా, పాత సీసా ఇంకా ఉందా? ఇలాంటి వ్యాపారంలో నిలుపుదల రేటు అనే మాటే కుదరదు. ఎన్నిసార్లు కొన్నారు, చివరిసారి ఎప్పుడు కొన్నారు అన్నదాన్ని బట్టి వారు ఇంకా మన ఖాతాదారులుగా ఉన్న అవకాశం ఎంతో లెక్కకట్టాలి. ఆ పద్ధతిని 1987లో ష్మిట్‌లైన్, మోరిసన్, కొలంబో అనే ముగ్గురు పరిశోధకులు ప్రతిపాదించారు. తరచూ కొనే మనిషి ఎనిమిది నెలలు మౌనంగా ఉంటే వెళ్లిపోయినట్టే, ఏడాదికోసారి కొనే మనిషి అదే ఎనిమిది నెలలు మౌనంగా ఉంటే అందులో వింతేమీ లేదు అన్నది దాని సారం.

చివరగా గడువు. సూత్రం అంతులేని నెలలను కూడుతుంది. నిలకడ లేని ఇంటి విషయంలో దీనివల్ల పెద్ద తేడా రాదు, ఏడాదిలోపే దాని కథ దాదాపు ముగుస్తుంది. కానీ నిలకడైన ఇంటి 12,120లో మొదటి రెండేళ్లలో వచ్చేది 6,240 మాత్రమే. దగ్గర దగ్గర సగం విలువ మూడో ఏడు మొదలయ్యాకే చేతికొస్తుంది. డెయిరీ పెట్టి ఏడాదిన్నరే అయితే 98 శాతం అనే రేటు అన్నేళ్లు నిలుస్తుందని చెప్పడానికి ఆధారం వారి పుస్తకాల్లోనే లేదు. ఈలోగా పెద్ద కంపెనీ ఆ వీధిలోకి రావచ్చు, పాల ధర మారవచ్చు. ఇలాంటప్పుడు నేనైతే సూత్రాన్ని పక్కనపెట్టి 24 నెలల వరకే కూడమంటాను. నిలకడైన ఇంటికి 6,240, నిలకడ లేని ఇంటికి దాదాపు ఆ 1,914 అంతా వస్తుంది. అలా కత్తిరించాక కూడా ఖర్చు గిట్టుబాటైతే ధైర్యంగా పెట్టవచ్చు. మూడో ఏడు తర్వాతి రాబడిని నమ్ముకుంటే తప్ప గిట్టని ఖర్చును, అప్పు తెచ్చి మాత్రం పెట్టకూడదు. అప్పు వాయిదా వచ్చే నెల నుంచే కట్టాలి.

దీనికి కావాల్సింది ఒక పట్టిక. ఏ నెలలో చేరారో దాన్ని బట్టి వరుసలు, ఒకటో నెల, రెండో నెల, మూడో నెల అంటూ నిలువు గడులు, గడిలో ఇంకా డబ్బు కడుతున్న ఇళ్ల సంఖ్య. 100, 90, 82, 75 అంటూ ఒక్కో వరుస కుడివైపుకు సన్నబడుతూ వెళ్తుంది. ఆ వరుసలోని ఒక్కో అంకెను 360తో గుణించి, నెలకు 1 శాతం చొప్పున తగ్గించి, మొత్తం కూడి, మొదట ఉన్న 100తో భాగిస్తే ఒక ఇంటికి ఇప్పటిదాకా నిజంగా వచ్చిన విలువ తేలుతుంది. ఇందులో r అనే ఊహ అక్కర్లేదు. వరుస ముగిసినచోటి నుంచి ముందుకు మాత్రమే అంచనా కావాలి. అక్కడ వాడాల్సింది మొదటి నెల చూపిన 90ని కాదు, ఆ వరుసలోని చివరి నెలలు చూపించిన రేటును.